సోమవారం పెట్టెలు

కోల్డ్ రూము తలుపు మీద ఒక అట్టముక్క అంటించి ఉండేది. మా తమ్ముడు మార్కరుతో రాసింది. పిల్లలు కాపీరాత రాసినట్టు గుండ్రంగా, ఒత్తుగా ఉంటుంది వాడి రాత.

'కోసిన రోజు సున్నా. మూడో రోజుకు కొన్నవాళ్ల చేతిలో. ఐదో రోజు దాటితే ఇక అది మనది కాదు, మట్టిది.

సోమ, మంగళ, బుధ. ఈ మూడు రోజులు తప్ప పెట్టె గడప దాటకూడదు.

పాడైందంటే వాదించొద్దు. ఫొటో చూడు. డబ్బు తిప్పి పంపు. పండు తిరిగి అడగొద్దు.'

వాడు అమ్మేది అంజూర పండ్లు. ఎండినవి కాదు, చెట్టు మీద పండిన తాజావి. మిగతా పండ్లలా వాటిని దోరగా కోసి దారిలో మగ్గనివ్వడం కుదరదు. "కోశాక ఇది మగ్గదక్కా, ముసలిదవుతుంది, అంతే," అనేవాడు. అందుకే తెల్లారకముందే కోత మొదలయ్యేది. కోసిన రెండు గంటల్లో కోల్డ్ రూములోకి చేరాలి. మధ్యాహ్నం గుంటల ట్రేల్లో గుంటకొకటి చొప్పున పేర్చి, పైన కాగితం, దాని మీద గడ్డకట్టిన ఐసుజెల్ సంచులు తుడిచి పెట్టి, చుట్టూ ఫోము వేసి, అట్టపెట్టె మూసి టేపు వేయాలి. సాయంత్రం అయిదున్నరకు కొరియరు వ్యాను వస్తుంది. గురువారం ఎందుకు పంపవురా అని ఒకసారి అడిగాను. గురువారం బయల్దేరింది దూరపు ఊళ్లకు శనివారం చేరాలట. ఎక్కడ కొంచెం తప్పినా ఆదివారమంతా కొరియరు గోడౌన్లో కూర్చుంటుందట. "ఆదివారం నీ బడికే కాదు, వాళ్లకూ సెలవే," అని నవ్వాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం నలభై రెండు పెట్టెలు తయారు చేశాడు. ట్రేలు పేర్చేది ట్రే పిన్ని. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. దేన్నయినా ట్రేల్లోనే కొలుస్తుంది. బస్సులో జనం ఉంటే 'ఒక్క ట్రేలో మూడు డజన్లు కుక్కినట్టున్నారు' అంటుంది. టేపు వేయడం, మూత మీద కోత తేదీ రాయడం మాత్రం తమ్ముడు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆఖరి పెట్టె మీద తేదీ వేసి, మార్కరుకు మూత పెట్టి, కాస్త కూర్చుంటానని కూర్చున్నాడు. నాలుగు గంటలకు ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెళ్లేముందు పిన్ని పెట్టెలన్నీ కోల్డ్ రూములోకి లాగి తాళం వేసింది. వ్యాను వచ్చి తాళం చూసి వెళ్లిపోయింది.

మంగళవారం ఉదయం తమ్ముడు పోయాడు. వాడికి ముప్పై తొమ్మిదేళ్లు.

బుధవారం గురించి నేనేమీ రాయను.

గురువారం సాయంత్రం వ్యాను మళ్లీ వచ్చింది. కొరియరాయన వాకిట్లోనే చెప్పులు విడిచి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి.

"సరుకు కోసం రాలేదు చెల్లెమ్మా. కనబడి పోదామని."

తమ్ముడి భార్య, మా మరదలు, అతన్ని చూసింది, వ్యానును చూసింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి తనంతట తాను లేచింది.

"ఉన్నాయి అన్నయ్యా. నలభై రెండు ఉన్నాయి. తీసుకెళ్లు."

ట్రే పిన్ని కంగారుగా నావైపు చూసింది. "అమ్మాయ్, అవి సోమవారం కోతవి."

"కోల్డ్ రూములోనే ఉన్నాయి కదా పిన్నీ," అంది మరదలు.

"పండు చల్లగానే ఉంటుందమ్మా. ఐసు సంగతి చెప్తున్నా. ఆ గది రెండు డిగ్రీలు. రెండు డిగ్రీల్లో పండు ఆగుద్ది గానీ ఐసు ఆగదు. ఈపాటికి సంచులన్నీ నీళ్లయిపోయుంటాయి. మూతలు తెరిచి మార్చాలి. ఫ్రీజర్లో గట్టివి ఉన్నాయి, అరగంట పని. మెత్తబడ్డవి ఏరేద్దాం. ఎన్ని నిలిస్తే అన్నే పంపుదాం."

పిన్ని అప్పటికే కట్టరు చేతికి తీసుకుంది. మరదలు ఆ చేయి పట్టుకుంది.

"కోయొద్దు."

"కోయకుండా ఎట్లా మారుస్తానే?"

"ఆయన వేసిన టేపు పిన్నీ. కోయొద్దు."

టేపు మూత మధ్యలో తిన్నగా, రెండు అంచులా అరచేతి వెడల్పున కిందికి మడిచి ఉంది. అలా వేయడం వాడి అలవాటు. తలుపు మీద అట్టముక్క నాకు ఎదురుగానే ఉంది. అక్షరం అక్షరం చదవగలను. గురువారం పేరు అందులో లేదని తెలుసు. పిన్ని నావైపే చూస్తోంది, పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, ఒక మాట అంటానని.

"పోనీలే పిన్నీ, ఈసారికి," అన్నాను. అనడమే కాదు, పదకొండు పెట్టెలు నా చేతుల మీదుగా వ్యానులో పెట్టాను. ఆపదలచుకుంటే ఆపగలిగేదాన్ని.

*

మొదటి ఫొటో శనివారం మధ్యాహ్నం వచ్చింది. సోమవారం ఉదయానికి పద్నాలుగయ్యాయి. మంగళవారానికి ముప్పై ఒకటి.

బడికి సెలవు పెట్టి అక్కడే ఉన్నాను కనుక ఆర్డర్లు వచ్చే తమ్ముడి ఫోను నా దగ్గర పెట్టుకున్నాను. అన్ని ఫొటోలూ ఒకేలా ఉండేవి. పండ్ల తొడిమల దగ్గర తెల్లటి బూజు. అడుగున పగిలి కారిన రసం. తడిసి ముద్దయిన కాగితం. పక్కనే నిలబెట్టిన మూత. డబ్బు వాపసు కావాలంటే మూత మీది తేదీ కనబడేలా ఫొటో తీయాలన్నది కూడా వాడు పెట్టిన పద్ధతే. అందుకని ప్రతి ఫొటోలోనూ బూజు పక్కన వాడి గుండ్రటి రాత ఉంది. సోమవారం. సోమవారం. సోమవారం.

ఒకాయన రాశాడు: 'మీ అంజూరలకు గడ్డాలు మొలిచాయి. పెట్టెతో పాటు ఒక రేజరు కూడా పంపాల్సింది.'

ఇంకొకావిడ నాలుగు పండ్లే చెడ్డాయని నిజాయితీగా లెక్క రాసింది. తమ్ముడి లెక్కలో పెట్టెలో మూడో వంతు లోపు చెడితే ఆ పండ్ల మేరకు, అది దాటితే పెట్టె మొత్తానికి వాపసు. ఆవిడకు కూడా మొత్తం పంపించాను. మిగతా పండ్లు రేపటికి ఉండవు.

రెండేళ్లుగా కొంటున్న ఒక పెద్దావిడ వాపసు అడగలేదు. 'అబ్బాయి ఇట్లాంటివి పంపడే. ఒంట్లో బాగుందా అతనికి?' అని మాత్రం రాసింది. ఆ ఒక్కదానికి నేను జవాబు రాయలేకపోయాను.

మంగళవారం మధ్యాహ్నం, తమ్ముడు తన పేజీ పెట్టుకుని పండ్లు అమ్మే సైటు నుంచి నోటీసు వచ్చింది. వారంలో పంపిన పార్సిళ్లలో సగానికి పైగా పాడైనట్టు ఫిర్యాదులు అందాయి. కారణం ఏమిటో నలభై ఎనిమిది గంటల్లో తెలపాలి. అంతవరకు కొత్త ఆర్డర్లు ఆపుతున్నాం. కింద మూడు గడులు. రవాణాలో ఆలస్యం. సరుకు నాణ్యతలో లోపం. అమ్మకందారు పంపడంలో ఆలస్యం. ఒక దాంట్లో టిక్కు పెట్టి, వివరణ రాయాలి. తప్పు రవాణాదైతే దుకాణానికి మచ్చ ఉండదు. అమ్మకందారుదైతే ముప్పై రోజులు పేజీ మూసేస్తారు.

"ముప్పై రోజులా," అంది మరదలు. గోడకున్న క్యాలెండరు వైపు కూడా చూడలేదు. "చెట్ల మీద పండు పద్దెనిమిది రోజులుంటే గొప్ప."

చెట్లకు నోటీసులతో పనిలేదు. పొద్దుటి కోత ఆగలేదు. కోసిన పండును ఎండబెట్టే కంపెనీకి క్రేట్లలో తోలుతున్నాం. వాళ్లు గుంటల ట్రేలు అడగరు, తేదీలూ అడగరు. చిట్లినా పర్వాలేదంటారు, దానికి తగ్గ ధరే ఇస్తారు. క్రేట్లో పండు మీద పండు పోస్తుంటే ట్రే పిన్ని మొహం తిప్పుకునేది.

"ఈ పేజీ పోతే," అంది మరదలు ఆ సాయంత్రం, "ఆయనకంటూ ఏం మిగలదు వదినా. చెట్లు కౌలువి. కోల్డ్ రూము అద్దెది. ఆ పేజీ ఒక్కటే ఆయన కట్టింది. నువ్వు రాయి. నీకు మాటలొచ్చు."

*

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు వ్యాసం రాయడం నేర్పుతున్నాను. ఏం చెప్పాలో తెలిస్తే సరిపోదు, ఏం వదిలేయాలో కూడా తెలియాలని చెబుతుంటాను. ఆ పాఠం నాకెంత బాగా వచ్చో బుధవారం ఉదయం తెలిసింది.

కొరియరు వాళ్ల వెబ్‌సైటులో ప్రతి పెట్టె ఎప్పుడు ఎక్కడుందో చూపిస్తుంది. శుక్రవారం లారీ దారిలో చెడిపోయి గోడౌనుకు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. అది నిజం. ఆ నాలుగు గంటల వల్ల కొన్ని పెట్టెలు శనివారం బట్వాడా తప్పి ఆదివారం అక్కడే ఉండిపోయాయి. అదీ నిజం. కాగితం తీసుకుని రాశాను.

'మా పార్సిళ్లు గురువారం సాయంత్రం ఐదు నలభైకి కొరియరుకు అందాయి. శుక్రవారం వాహనం చెడిపోవడం వల్ల నాలుగు గంటల ఆలస్యం జరిగింది. పర్యవసానంగా పలు పార్సిళ్లు ఆదివారం గోడౌన్లో నిలిచిపోయాయి. మా సరుకు త్వరగా పాడయ్యే స్వభావం కలది...'

తీర్చిదిద్దినట్టు వచ్చింది. తప్పుపట్టడానికి ఒక్క వాక్యం లేదు.

కొరియరాయన అప్పుడే వచ్చాడు. మా వాకిట్లో ఎక్కించుకునేదేమీ లేదని తెలిసీ వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక మాట. మా ఆఫీసులో అనుకుంటున్నారు, మీరు లారీ మీద రాస్తారని."

"రాస్తే?" అంది ట్రే పిన్ని. "లారీ మీ తాతదా ఏంటి? పాడైంది నిజమా కాదా?"

"నిజమే పిన్నీ. కానీ లారీని ఎవరూ ఏమీ అనరు. సరుకు ఎత్తింది ఎవరని చూస్తారు. త్వరగా పాడయ్యే సరుకును వారం చివర్లో ఎందుకు ఎత్తావు, సోమవారం తేదీ మూత మీద కనబళ్లేదా అంటారు. ఈ రూటు తీసేస్తారు."

"కనబళ్లేదా మరి?"

అతను టోపీని చేతిలో తిప్పాడు. "కనబడింది. ఆ రోజు ఈమె మొహం చూసి కాదనలేకపోయాను."

"సరిపోయింది," అంది పిన్ని. "ఒకరు కోయనివ్వరు, ఒకరు పోనీలెమ్మంటారు, ఒకరు కాదనలేరు. అందరం మంచోళ్లమే. పండుకే పట్టింది బూజు."

మరదలు నా చేతిలోంచి కాగితం తీసుకుంది. నిలబడే చదివింది. ఒకసారి చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఇందులో అబద్ధం ఏమైనా ఉందా వదినా?"

"లేదు."

"మరి నేనెక్కడున్నాను?"

మొదటి వాక్యం మీద వేలు పెట్టింది.

"గురువారం నుంచి మొదలుపెట్టావు. గురువారానికి ముందు కూడా రోజులున్నాయి కదా. లారీ లేటు నాలుగు గంటలు. నా లేటు మూడు రోజులు. ఐసు మార్చనివ్వంది నేను." ఆమె గొంతు పెరగలేదు. "మూత మీద సోమవారం అని ఆయనే రాశాడు, ఎవరికి ఏం వచ్చినా దాచకూడదనే కదా రాసింది. దాన్ని తీసుకెళ్లి లారీ కింద ఎట్లా పెడతాం?"

"పేజీ మూసేస్తారమ్మాయ్. నువ్వే అన్నావు, అదొక్కటే మిగిలిందని," అన్నాను.

"అన్నాను." కాగితాన్ని నాలుగు మడతలు వేసింది, మళ్లీ విప్పింది. "పెట్టెలు కూడా మిగిలాయనే అనుకున్నాను వదినా. టేపు కోయకపోతే అవి అట్లానే ఉంటాయనుకున్నాను. ముప్పై ఒక్క ఇళ్లకు పోయాయి, ఎట్లా పోయాయో చూశావుగా. ఇప్పుడు పేజీ కూడా అట్లా ఉంచమంటావా?"

కొరియరాయన తల వంచుకుని బయటికి నడిచాడు. వ్యాను స్టార్టు చేసిన చప్పుడు వినబడడానికి చాలాసేపు పట్టింది.

వివరణ మళ్లీ రాశాను. ఈసారి నాలుగు వాక్యాలే. దుకాణం నడిపే మనిషి చనిపోయాడు. అతను సోమవారం కట్టిన పెట్టెలను ఐసు మార్చకుండా, పండు చూడకుండా మేము గురువారం పంపాము. ఆలస్యం మాది, కొరియరు వారిది కాదు. అడిగినవాళ్లకే కాక నలభై రెండు మందికీ డబ్బు తిప్పి పంపుతున్నాము.

"నా పేరు రాయి," అంది మరదలు.

"మేము అని రాశాను."

"నువ్వెందుకు?"

"పదకొండు పెట్టెలు నేను మోశాను."

ఆమె నన్ను కాసేపు చూసి, మూడో గడిలో తనే టిక్కు పెట్టింది. పంపించు అని ఉన్న చోట వేలు ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. తర్వాత ఆ పెద్దావిడ మెసేజీ తెరిచి, నాకు చూపించకుండా ఏదో రాసింది. రెండు లైన్లకు మించదు. ఆ ఫోను మళ్లీ నాకు ఇవ్వలేదు.

*

శుక్రవారం జవాబొచ్చింది. సంతాపం తెలిపారు. తర్వాతి లైనులో పేజీ ముప్పై రోజులు మూసేశామన్నారు. పేజీ తెరిస్తే పండ్ల బొమ్మలు బూడిద రంగులో కనబడుతున్నాయి, నొక్కితే తెరుచుకోవడం లేదు. వచ్చే ఏడు కౌలు సంగతి తేల్చమని తోట యజమాని మనిషిని పంపాడు. మరదలు తేల్చలేదు. తేల్చడానికి ఏముందో నాకూ తెలియదు.

ఆదివారం నా ప్రయాణం. శనివారం పొద్దున కొరియరాయన ఒక పెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టాడు.

"కొన్నవాళ్ల ఇల్లు తాళం వేసి ఉందంట. మూడుసార్లు తిరిగారు. ఇట్లాంటి సరుకు వెనక్కి తేకూడదు, అక్కడే పారెయ్యాలి. రూలు. మావాడు చేతిరాత చూసి పారేయలేక నాకు పంపాడు." ఆగాడు. "తప్పు చేశానా చెల్లెమ్మా?"

"లేదన్నయ్యా."

నలభై రెండోది. పన్నెండో రోజు. అడుగుభాగం అట్ట నల్లగా నాని, పుల్లటి వాసన. మూత మాత్రం పొడిగానే ఉంది. టేపు చెక్కుచెదరలేదు. ట్రే పిన్ని గోతిలో వేసొస్తానని వంగి ఎత్తబోయింది.

"ఉండు పిన్నీ. వాపసు వచ్చింది చూసి రాయాలి కదా."

తలుపు మీద రాయకపోయినా అదీ తమ్ముడి అలవాటే. ఎప్పుడైనా పెట్టె తిరిగొస్తే తెరిచి, ఏ ట్రేలో ఎన్ని పోయాయో, ఎక్కడినుంచి చెడడం మొదలైందో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. మరదలు కట్టరు అడిగింది. పిన్ని ఇవ్వడానికి కొంచెం సంకోచించింది.

కట్టరు మొన టేపు మధ్యలో గుచ్చి, ఒక్క గీతగా చివరిదాకా లాగింది. అరచేతి వెడల్పున మడిచిన అంచుల దగ్గర చేయి ఆగింది. అక్కడా కోసింది.

లోపల చెప్పుకోవడానికేమీ లేదు. పై ట్రేలో తొడిమలు మాత్రం గుర్తుపట్టేలా ఉన్నాయి. మరదలు ముక్కు మూసుకోలేదు. నేను నోటుపుస్తకం పట్టుకున్నాను, ఆమె చెప్పింది, నేను రాశాను. పై ట్రే, ఇరవైకి ఇరవై. కింది ట్రే, ఇరవైకి ఇరవై. మొదలు ఎక్కడినుంచో తెలియడం లేదు. ఐసు, నీళ్లు. కోత తేదీ, సోమవారం. పంపిన తేదీ అన్న గడి దగ్గర ఆగాను.

"గురువారం," అంది ఆమె. "రాయి."

ట్రేలు పిన్ని తీసుకెళ్లింది. మూత మరదలు ఉంచుకుంటుందనుకున్నాను. ఉంచుకోలేదు, రెండుగా విరిచి పిన్ని చేతుల్లోనే పెట్టింది. ఐసుజెల్ సంచులు రెండూ నీళ్లతో కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచింది. ఫ్రీజరు తెరిచింది. లోపల గడ్డకట్టిన సంచులు వరసలుగా నిండి ఉన్నాయి, పెట్టడానికి చోటు లేదు. పైవరస కాస్త పక్కకు జరిపి, ఈ రెంటినీ వాటి మీద పడుకోబెట్టి, తలుపు మూసుకునేదాకా భుజంతో నెట్టింది.